వదిన చేతికి పట్టింది వాతం కాదు



పోస్ట్ కొంచెం పొడుగే ఉంటది. ఇంట్ల బాలింతలు ఉన్నోళ్ళు, అన్నకో తమ్ముడికో కొత్తగ పిల్లలు పుట్టినోళ్ళు ఓపికగ చదవండి. చదువు రాని అమ్మలకు మీరే చదివి వినిపించండి.

మేమంటే కరీంనగర్ల ఒకే హాస్టల్ రూంల ఉండే ముగ్గురు ఆడపిల్లలం. ముగ్గురివీ ఉట్నూరు, జైనూరు వైపు గూడేలే. ముగ్గురి ఇండ్లల్ల కూడ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరం డిగ్రీ, ఒకామె నర్సింగ్. రాసేది ఒక చెయ్యే గానీ జరిగినదాంట్ల ముగ్గురం ఉన్నం కాబట్టి "మేము" అనే రాస్తున్నం. వదిన మాలో ఒకరికి సొంత వదిన, మిగతా ఇద్దరికీ పిలుపు వదిన. ఆమెను అడిగే రాస్తున్నం.

దండారి పండుగకు ముగ్గురం కలిసి ఊరికి పోయినం. వదినకు అప్పటికి కాన్పయి ఏడు వారాలు. బాబు మంచిగ ఉన్నడు, పాలు మంచిగ తాగుతుండు. కానీ వదిన వాణ్ణి ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. పండ్లు బిగబట్టి ఎత్తుతుంది. చూసీ చూడనట్టు ఉన్నం. రెండోరోజు పొద్దున తొట్టెలలకెళ్ళి బాబును తీస్తుంటే కుడి చెయ్యి ఒక్కసారి వదులైపోయింది. బాబు తిరిగి తొట్టెలలనే పడ్డడు, దెబ్బ తాకలేదు. వదిన మాత్రం గోడకు ఒరిగి ఏడ్చింది. "నా చేతుల పానం లేదు పిల్లా. వీణ్ణి ఎప్పుడో కింద పడేస్త" అన్నది.

అప్పటికే ఇంట్ల మాటలు నడుస్తున్నయి. పత్తి ఏరే రోజులు. వదిన పత్తికి రాదు, రొట్టె కొట్టదు, బట్టలు పిండదు. "మేం కనలేదా, మేం ఎత్తుకోలేదా" అని ముసలమ్మ. "చల్లనీళ్ళు ముట్టింది, బాలింత వాతం పట్టింది" అని పక్కింటి పెద్దమ్మ. ఒకాయన మణికట్టు పట్టుకొని గుంజి, తిప్పి, నూనె పెట్టి గట్టిగ రుద్దిండట. ఆ రాత్రి నొప్పికి నిద్ర పట్టలేదు. తర్వాత అన్న ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయిండు. అక్కడ ఎక్స్‌రే తీసిన్రు, కీళ్ళవాతం ఉందేమోనని రక్త పరీక్షలు చేసిన్రు. అన్నీ మంచిగనే వచ్చినయి. ఏదో గోలీలు ఇచ్చి పంపిన్రు. చెయ్యి ఎట్లుంటది అని ముట్టుకొని చూడలేదు, బిడ్డను ఎట్ల ఎత్తుతున్నవు అని అడగలేదు. పత్తి కూలి పైసలు పోయినయి, నొప్పి అట్లనే ఉంది.

మా నర్సింగ్ ఆమె ఒకటే అడిగింది: "వదినా, నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపియ్యి."

వదిన ఎడమచేతి వేలు పెట్టి చూపింది. బొటనవేలు మొదలు దాటినంక, మణికట్టు పక్కన ఉబ్బెత్తుగ తగిలే ఎముక ఉంటది కదా, సరిగ్గ దాని మీద. అక్కడ కొంచెం వాపు ఉంది. ముట్టుకుంటె చేయి గుంజుకుంది. బొటనవేలు ఆడిస్తే లోపల గీసుకపోతున్నట్టు మన వేలుకు తెలుస్తది.

తర్వాత ఒక చిన్న పరీక్ష చేసినం. దీనికి మిషిన్ అక్కర లేదు. బొటనవేలును అరచేతిలకు మడిచి, మిగతా నాలుగు వేళ్ళతో దాన్ని మూసి పిడికిలి పట్టాలె. ఆ పిడికిలిని మెల్లగ చిటికెనవేలు వైపు వంచాలె. ముందు మంచిగున్న చేతికి చేసినం. కొంచెం గుంజినట్టు అనిపించింది అంతే, అది అందరికీ ఉంటది. నొప్పి ఉన్న చేతికి సగం కూడ వంచకముందే వదిన "అమ్మా" అని అరిచింది. గుర్తు అదే. రెండు చేతులకు తేడా చూడాలె, మెల్లగ చెయ్యాలె, ఒక్కసారే చెయ్యాలె. నొప్పి ఉన్నదా లేదా అని రోజూ వంచి చూసుకుంటే ఆ పరీక్షే నొప్పిని పెంచుతది.

ఈ నొప్పికి ఒక పేరుంది. డీ క్వెర్వేన్ అంటరు. స్విట్జర్లాండ్ దేశపు సర్జన్ ఫ్రిట్జ్ డీ క్వెర్వేన్ 1895లో దీని గురించి రాసిండు, ఆయన పేరే పడ్డది. అంతకుముందే ఇంగ్లీషు వైద్య పుస్తకంల దీన్ని బట్టలు ఉతికే ఆడోళ్ళ బెణుకు అన్నరట. పిండి పిండి చేతులకు వచ్చేదని వాళ్ళకు అప్పుడే తెలుసన్నట్టు.

లోపల ఏమైతదో మేము వదినకు లంగా నాడ పట్టుకొని చెప్పినం. బొటనవేలును పక్కకు, పైకి లేపేటందుకు ముంజేతిలకెళ్ళి రెండు తాళ్ళు వస్తయి. మనం నరాలు అంటం గానీ అవి నరాలు కావు, కండను ఎముకకు కట్టే తాళ్ళు. మణికట్టు పక్క ఎముక దగ్గర ఆ రెండూ ఒక సన్నటి గొట్టంల నుంచి పోతయి, లంగా నేఫాల నాడ పోయినట్టు. నేఫా వదులుగ ఉంటే నాడ జారుతది. నేఫా మందమై బిగుసుకపోతే? నాడ గుంజిన ప్రతిసారీ రాసుకుంటది. వదిన చేతిల అయింది అదే. గొట్టం గోడ మందమైంది, లోపల తాళ్ళు రాసుకుంటున్నయి. ఎముకకు ఏం కాలేదు కాబట్టి ఎక్స్‌రే మంచిగనే వచ్చింది. రక్తంల ఏం లేదు కాబట్టి పరీక్ష కూడ మంచిగనే వచ్చింది. నొప్పి మాత్రం అబద్ధం కాదు.

బాలింతలకే ఎందుకు ఎక్కువ? కాన్పు చుట్టు రోజులల్ల ఒంట్ల నీరు చేరుతది, హార్మోన్లు మారుతయి, ఆ గొట్టాలు కూడ కొంచెం బిగుస్తయి అని డాక్టర్లు అనుకుంటరు. కానీ అసలు పని చేసేది ఎత్తే తీరు. బిడ్డను రెండు సంకల కింద చేతులు పెట్టి ఎత్తుతం కదా, అప్పుడు మన బొటనవేలు ఎట్లుంటదో చూడండి. మిగతా వేళ్ళకు దూరంగ, గులేరు కర్ర లెక్క చీలి ఉంటది. మణికట్టు చిటికెనవేలు వైపు వంగి ఉంటది. మనం చేసిన పరీక్షల ఏ వైపు వంచితే వదిన అరిచిందో, బిడ్డ బరువుతోని సరిగ్గ అదే వైపు వంగుతున్నది.

అట్ల ఎన్నిసార్లు? పండుగ తెల్లారి మేము గోడకు బొగ్గుతో గీతలు పెట్టినం. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాక వదిన బాబును ఎత్తింది, దింపింది ముప్పై ఎనిమిది సార్లు. రాత్రి లెక్క వేరే. పుట్టినప్పుడు మూడు కిలోలు లేడు, ఇప్పుడు నాలుగున్నర దాటిండు. బిడ్డ ప్రతి వారం బరువు పెరుగుతడు, తల్లి చేతికి ఒక్కరోజు సెలవు ఉండదు. గీతలు చూసినంక ముసలమ్మ ఏమీ అనలేదు. గోడ దిక్కు చూసుకుంట చాలసేపు కూసుంది.

పండుగ అయినంక వదినను ఆదిలాబాద్ రిమ్స్‌కు తీసుకపోయినం. ఎముకల డాక్టరు మేము చేసిన పరీక్షే చేసి, వేలితో ఒత్తి చూసి, రెండు నిమిషాల్ల పేరు చెప్పిన్రు. కొత్త పరీక్షలు ఏవీ రాయలేదు. ఆయన చెప్పింది, తర్వాత మాకు అనుభవంల తెలిసింది కలిపి ఇక్కడ రాస్తున్నం.

అన్నిటికంటె ముందు, ఎత్తే తీరు మార్చాలె. సంకల కింద పట్టి ఎత్తుడు బంద్. ఒక చెయ్యి బిడ్డ పిర్రల కింద, ఇంకో చెయ్యి మెడ, భుజాల కింద పెట్టాలె. అరచేతులు పైకి చూడాలె, చేటతోని గింజలు ఎత్తినట్టు. బొటనవేలు చూపుడువేలుకు ఆనుకొని ఉండాలె, చీలి ఉండొద్దు. బిడ్డను ముందు మన రొమ్ముకు దగ్గరగ జరుపుకొని, అప్పుడు మోకాళ్ళతోని లేవాలె. అప్పుడు బరువు మణికట్టు మీద కాదు, మోచేయి మీద, భుజం మీద పడతది. వదిన రెండు రోజులు తడబడ్డది, మూడో రోజు అలవాటైంది. తొట్టెల లోతుగ ఉంటే ఇట్ల ఎత్తుడు కష్టం. వంగి, చేతులు చాచి, మళ్ళ సంకలే పట్టుకోవాలె. అందుకని అన్న తొట్టెల తాడు పైకి కట్టిండు, వదిన నడుము ఎత్తుకు వచ్చేటట్టు.

పాలు ఇచ్చేటప్పుడు కూడ చూడాలె. చంటిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతడు. తల్లి బిడ్డ తలను అరచేతిల పట్టుకొని, మణికట్టు వంచి అరగంట అట్లనే కూసుంటది. వదిన ఒడిల బొంతను నాలుగు మడతలు పెట్టి వేసినం. బిడ్డ బరువంత బొంత మీద, తల మోచేయి మడత మీద. చెయ్యికి పని లేదు. రాత్రిపూట పక్కకు పండుకొని ఇస్తే ఇంకా సుఖం.

రెండోది, బొటనవేలుకు విశ్రాంతి. దానికి థంబ్ స్పైకా అనే పట్టీ ఇస్తరు. ఇక్కడ చాలమంది మోసపోతరు, మేము కూడ పోయినం. రిమ్స్‌కు పోకముందు అన్న మెడికల్ షాపుల మణికట్టుకు చుట్టే సాగే పట్టీ కొనుక్కొచ్చిండు. అది మణికట్టును పట్టుకుంటది గానీ బొటనవేలును వదిలేస్తది. బొటనవేలు ఆడితే లోపల తాళ్ళు ఆడుతయి, రాపిడి ఆగదు. కావలసిన పట్టీల బొటనవేలు పక్క నుంచి ముంజేయి దాక ఒక గట్టి పలక ఉంటది. బొటనవేలు చివరి కణుపు మాత్రం బయట ఉండి వంగుతది. దాన్ని మూడు నాలుగు వారాలు పగలు, రాత్రి పెట్టుకోమన్నరు. స్నానానికి, చేతులు కడుక్కోటానికి తీయాలె, తీసినప్పుడు బొటనవేలును నొప్పి లేనంత మేర మెల్లగ ఆడించాలె. పట్టీ అంచు, అతికే ముళ్ళ పట్టీ బాబు చెంపకు గీసుకుంటే వదిన పాత నూలు చీర ముక్క దాని మీద చుట్టుకుంది.

మూడోది, నొప్పికి మందు. పాలిచ్చే తల్లి పారాసిటమాల్ వాడుకోవచ్చు. ఐబుప్రోఫెన్ కూడ పాలల్ల చాల తక్కువే దిగుతది గానీ, కడుపుల పుండు, కిడ్నీ ఇబ్బంది ఉన్నోళ్ళకు పడదు కాబట్టి డాక్టరును అడిగే వేసుకోవాలె. నొప్పి జెల్ పూసుకుంటే ఆ చెయ్యి బిడ్డ నోటికి తగలొద్దు. ఐసు గుడ్డల చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చని కూడ చెప్పిన్రు. ఐసు మాట వినంగనే మా అమ్మ లేచి నిలబడ్డది. "బాలింతకు చల్లది పెడతరా?" ఇక్కడ కొట్లాట పెట్టుకుంటే మిగతా అన్నీ ఆగిపోతుండె. డాక్టరే తెలివిగ అన్నరు: "అమ్మా, ఐసు నొప్పిని కొంచెం మొద్దుబారుస్తది అంతే. పెట్టకపోయినా రోగం ముదరదు. పట్టీ మాత్రం తీయనియ్యకు, బిడ్డను నువ్వు కూడ ఎత్తుకో." అమ్మ దానికి సరే అన్నది. ఐసు వదిలేసినం, ఏం తక్కువ కాలేదు.

చెయ్యకూడనివి కూడ చెప్పిన్రు. గట్టిగ రుద్దుడు, గుంజుడు, మెటికలు విరిచినట్టు తిప్పుడు చేస్తే మందమైన గొట్టం ఇంకా వాస్తది. వాతలు పెడితే చర్మం కాలుతది, లోపలి గొట్టం అట్లనే ఉంటది, పుండు పడితే బిడ్డను ఎత్తుకునే చెయ్యే పోతది. గట్టిగ దారం కడితే వాపు పెరుగుతది.

మేము కరీంనగర్ వచ్చేసినం. రోజూ రాత్రి ఫోన్. రెండు వారాలకు సగం నొప్పి తగ్గింది అన్నది. మూడో వారం ఫోన్ల గొంతు మారింది. కూలీలు దొరకలేదని పట్టీ తీసి రెండు రోజులు పత్తికి పోయిందట. పత్తి ఏరుడు అంటే ఏంది? బొటనవేలు, రెండు వేళ్ళు కలిపి కాయలకెళ్ళి దూది గుంజుడు, పొద్దంత. సాయంత్రం వచ్చి రొట్టెలు కొట్టింది, బట్టలు పిండింది. నొప్పి మొదటికి వచ్చింది. బిడ్డను ఎత్తే తీరు మారింది గానీ మిగతా పనులు మారలేదు. బొటనవేలుకు ఏ పనైనా ఒకటే లెక్క, అది బిడ్డా, పత్తా, తడి చీరా అని చూడదు.

ఆ రాత్రి అన్నతోని మాట్లాడినం. తిట్టలేదు. ఒక్కటే అడిగినం: "గోడ మీద గీతలు ఇంకా ఉన్నయా? వాటిల నీ గీతలెన్ని?" అన్న చాలసేపు మాట్లాడలేదు. తెల్లారి నుంచి బట్టలు పిండుడు, బిందెలు మోసుడు ఆయన మీద వేసుకున్నడు. రొట్టెలు ముసలమ్మ కొట్టింది.

నాలుగు వారాలైనంక మళ్ళ రిమ్స్‌కు పోతే ఇంజెక్షన్ వేసిన్రు. స్టెరాయిడ్ మందు, ఆ గొట్టంలకే. పట్టీతోని తగ్గనోళ్ళల్ల ఎక్కువమందికి ఒకటి, రెండు ఇంజెక్షన్లతోనే తగ్గుతదట. పాలిచ్చే తల్లులకు కూడ వేస్తరు. వేసే ముందు మూడు సంగతులు చెప్పిన్రు. ఒకటి, మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి పెరగొచ్చు. రెండు, సూది పడ్డ చోట చర్మం తెల్లబడొచ్చు, కొంచెం గుంట పడొచ్చు. నల్లటి చర్మం మీద అది బాగ కనపడతది, చాలమందికి కొన్ని నెలలల్ల మళ్ళ కలుస్తది. మూడు, షుగర్ ఉన్నోళ్ళకు కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు, ముందే చెప్పాలె. వదినకు రెండు రాత్రులు నొప్పి పెరిగింది, ఫోన్ల ఏడ్చింది. ముందే తెలుసు కాబట్టి ఇంట్లోళ్ళు భయపడలేదు. వారం తిరిగేసరికి చెయ్యి తేలికైంది.

ఇంజెక్షన్లకు కూడ తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉంది. చెయ్యి వరకే మత్తిచ్చి ఆ బిగుసుకున్న గొట్టం పైకప్పును కోసి వదులు చేస్తరు. చాలమంది బాలింతలకు అంతదూరం పోదు. బిడ్డ ఎదిగి, పాలు మానే కాలానికి నొప్పి దానంతట అదే తగ్గిపోయినోళ్ళు కూడ మస్తు మంది ఉంటరు. దానికోసం పాలు మాన్పియ్యాల్సిన అవసరం లేదు. చెయ్యి నొప్పికి డబ్బా పాలు మందు కాదు.

ఇంకో మాట. మణికట్టు నొప్పి అంతా ఇదే కాదు. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మొద్దుబారితే అది వేరే, అక్కడ నిజంగనే నరం నలుగుతున్నది. కింద పడ్డంక నొప్పి వస్తే ఎముక విరిగిందేమో చూడాలె, అక్కడ ఎక్స్‌రే కావాలె. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడ ఉంటే చీము కావచ్చు, ఆ రోజే దవాఖానకు పోవాలె. రెండు చేతుల వేళ్ళ కణుపులు చాలా వాచి, పొద్దున లేవంగనే గంటసేపు బిగుసుకుంటే అప్పుడు కీళ్ళవాతం పరీక్ష చేయించాలె.

మాకు తర్వాత తట్టిన ఒక సంగతి. దవాఖానల కాన్పయినంక ఆశక్క ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్ల వస్తది. ఈ నొప్పి చాలమందికి నాలుగు, ఆరు వారాల నడుమ మొదలైతది. అంటే ఆశక్క రాకడ అయిపోయే టైముకు తల్లి చెయ్యి నొప్పి మొదలైతది. కానీ బిడ్డకు టీకాలు 6, 10, 14 వారాలకు ఉంటయి. ఆ రోజు తల్లి ఎట్లైనా ఏఎన్ఎం మేడం ముందల కూసుంటది. బిడ్డ బరువు చూసినప్పుడే "నా చెయ్యి ఇక్కడ నొస్తుంది" అని వేలు పెట్టి చూపాలె. వదిన 6 వారాల టీకాకు పోయినప్పుడు చెయ్యి అప్పటికే నొస్తున్నది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బిడ్డ కోసం పోయింది, తన కోసం కాదు కదా అనుకున్నదట.

సంక్రాంతికి మళ్ళ ఊరికి పోయినం. బాబుకు నాలుగు నెలలు, ఆరు కిలోలు దాటిండు. వదిన మణికట్టు పక్కన పైసబిళ్ళంత తెల్లమచ్చ ఉంది. పరీక్ష చేద్దామా అంటె "వద్దు పిల్లా, మళ్ళ నొప్పి లేపుతరు" అని నవ్వింది. వంగి, బాబు పిర్రల కింద ఒక చెయ్యి, భుజాల కింద ఒక చెయ్యి పెట్టి, చేటతోని ఎత్తినట్టు ఎత్తి మా ఒడిల పెట్టింది.

మేము తీసుకునేటప్పుడు ముగ్గురంల ఒకరం మర్చిపోయి సంకల కింద చేతులు పెట్టబోయినం. ముసలమ్మ గడపల కూసుండి అక్కడికెళ్ళే అరిచింది: "అట్ల కాదు, కింద చెయ్యి పెట్టుండ్రి!"

మీ ఇంట్ల బాలింత బిడ్డను ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగుతుందా చూడండి. ఆగితే, ఎక్కడ నొస్తుందో ఒక్క వేలితో చూపమని అడగండి.

జై సేవా.